‘ఇదొక్కటి చేసిపెట్టు మేస్త్రీ!’

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టించుకునేవారి కష్టం సరే, కట్టే మేస్త్రీ కష్టం మాటేమిటి? చదరపు అడుగుకు ఇంతని కూలి మాట్లాడుకుని పని మొదలుపెడతాడు. స్లాబు పడ్డాక ‘ఇదొక్కటి’ అంటూ కొత్త పనులు వస్తాయి. కాదంటే ఇంటాయనకు కోపం, ఊరకే చేస్తే కూలీల డబ్బు తన జేబులోంచి పోతుంది.

కామారెడ్డి జిల్లా మాచారెడ్డి లాంటి చోట్ల ఇంకో చిక్కుంది. గల్ఫ్ సంపాదనతో లేచే ఇళ్లు ఈ ప్రాంతంలో ఎక్కువ. డబ్బు పంపే కొడుకు దుబాయిలో, పని చూసే తండ్రి ఊళ్లో. తండ్రి చెప్పిన మార్పు కొడుక్కి తెలియదు. తీరా లెక్క చూసేనాడు ‘నేను చెప్పలేదే’ అంటాడు.

ఉదాహరణకు ఇలాంటి ఇంట్లోనే తండ్రి మెట్ల కింద బాత్రూమ్ అడిగాడనుకుందాం. ఒప్పందంలో అది లేదు. తెలివైన మేస్త్రీ ‘కుదరదు’ అనడు, ‘సరే’ అని తలా ఊపడు. ‘‘చేద్దాం అన్నా. గిది మనం రాసుకున్నదాంట్ల లేదు. మూడు తీర్లు చెప్త, మీకేది మంచిగనిపిస్తే గది చేద్దాం. రేపు పొద్దుగాల లెక్క ఇస్త’’ అంటాడు. ఆ ఒక్క రాత్రి గడువే కీలకం. నిలబడ్డచోట నోటికొచ్చిన ధర చెబితే తర్వాత అదే మెడకు చుట్టుకుంటుంది.

లెక్క ఇలా...

మేస్త్రీ రోజు కూలి 1,000 రూపాయలు, ఇద్దరు సహాయకులకు 1,200 అనుకుందాం. అంటే రోజుకు 2,200. సామాను ఇంటివారిది, ప్లంబరు కూలి వేరు. గోడలకు రెండు రోజులు, ప్లాస్టరింగుకు రెండు, టైల్స్‌కు రెండు పడతాయి.

మొదటి దారి: బాత్రూమ్ పూర్తిగా కట్టడం. ఆరు రోజులకు 13,200, పనిముట్లకూ అజమాయిషీకీ 1,800 కలిపి 15,000. ఇల్లు ఆరు రోజులు ఆలస్యమవుతుంది.

రెండో దారి: ఇప్పుడు గోడలు, ప్లాస్టరింగు మాత్రమే. నాలుగు రోజులకు పైఖర్చుతో 10,000. టైల్స్ తర్వాత వేయించుకోవచ్చు.

మూడో దారి: ఇప్పుడు బాత్రూమ్ వద్దు. ఫ్లోరింగ్ వేయకముందే డ్రైనేజీ, నీళ్ల పైపులకు కాలువ తవ్వి, పైపులు పరిచాక పూడ్చి ఉంచడం. ఒక రోజు పని, 2,500. రేపు కట్టుకోవాలంటే వేసిన బండలు పగలగొట్టే పని ఉండదు.

ఇంటాయన మనసులో ప్రశ్న ఇప్పుడు ‘చేస్తాడా, చేయడా’ అన్నది కాదు, ‘మూడింట్లో ఏది’ అన్నది. ఏదీ వద్దన్నా గొడవ లేదు, పాత ఒప్పందం అలాగే నడుస్తుంది. ఎంచుకున్నాక దాన్ని తేదీ, ధర, అదనపు రోజులతో నోటుబుక్కులో రాసి, తండ్రి సంతకం తీసుకుని, ఆ ఫొటో కొడుక్కి వాట్సాప్‌లో పంపాలి. అక్కడి నుంచి ‘సరే’ అని వచ్చాకే ఇటుక కదలాలి.

ఎక్కడ దెబ్బతింటారు?

చాలామంది ‘చివర్లో చూసుకుందాం’ అని ఊరుకుంటారు. అప్పటికి ఇంటివారి చేతిలో డబ్బు అయిపోతుంది, పని ఎలాగూ పూర్తయి ఉంటుంది. చట్టం అండ లేదా అంటే ఉంది. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా, చట్టబద్ధంగా చేసిన పని ఫలితాన్ని అవతలివారు అనుభవిస్తే ప్రతిఫలం ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 70వ సెక్షన్ చెబుతోంది. బెంగాల్‌లో బి.కె.మండల్ అండ్ సన్స్ అనే సంస్థ 1944లో పౌర సరఫరాల శాఖ అధికారులు అడిగితే సరైన ఒప్పందం లేకుండానే నిర్మాణాలు చేసింది. డబ్బు రావాల్సిందేనని సుప్రీంకోర్టు ఆ సెక్షన్ కిందే తేల్చింది. కాకపోతే తీర్పు వచ్చింది 1961లో! కూలీలకు శనివారం డబ్బివ్వాల్సిన మేస్త్రీ అన్నేళ్లు ఆగగలడా?

ఇంకో తప్పు, కోపంతో రెట్టింపు ధర చెప్పడం. మాచారెడ్డిలో చెప్పిన రేటు పక్క ఊరికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఎవరడిగినా రోజుల లెక్క విప్పి చూపించగలిగేదే సరైన ధర.

గూడులో చిన్న అర లాంటి గంట పనిని ఊరకే చేయవచ్చు. అయితే దాన్నీ పుస్తకంలో ‘కూలి 300, తీసుకోలేదు’ అని రాయాలి. రాయని సాయం హక్కుగా మారుతుంది.

ఈ పద్ధతి చెల్లని చోటు ఒకటుంది. గోడ వంకర పోయినా, నీళ్ల వాలు తప్పినా సరిచేయడం అదనపు పని కాదు. దానికి మూడు దారులు ఉండవు, తన ఖర్చుతో మళ్లీ కట్టడం ఒక్కటే దారి. అక్కడ మారుమాట్లాడకుండా చేసిన మేస్త్రీ, రేపు బాత్రూమ్‌కు ధర చెబితే ఇంటివారు అనుమానించరు.