స్క్రిప్టు కంటే ముందు థంబ్‌నెయిల్: పసుపు వీడియో నేర్పిన పాఠం

ఈ ఎపిసోడ్‌లో లాంగ్ ట్యుటోరియల్ వీడియోకి టైటిల్, థంబ్‌నెయిల్ ఎప్పుడు ఆలోచించాలి అనేది మాట్లాడుకుందాం. మనలో చాలామంది షూట్ అయిపోయి, ఎడిటింగ్ అయిపోయి, అప్‌లోడ్ బటన్ నొక్కే ముందు ఆలోచిస్తాం. నేనూ అట్లే చేసినా. ఏం జరిగిందో చెప్తా వినండి.

మాది మైదుకూరు. ఇక్కడ పసుపు పంట ఎంత ఫేమస్సో మీకు తెలుసు. మా చిన్నాయన పసుపు తవ్వించినప్పుడు ఉడకేసేది, ఎండబెట్టేది, పాలిష్ పట్టేది అంతా షూట్ చేసి అరగంట వీడియో పెట్టినా. టైటిల్ "పసుపు ఉడకబెట్టడం ఎలా? పూర్తి వివరాలు". థంబ్‌నెయిల్‌లో బాయిలర్ పక్కన నేను నిలబడిన ఫొటో. తర్వాత ఖాజీపేట నుంచి ఒకాయన ఫోన్ చేసినాడు. "అబ్బయ్యా, నీ వీడియో చూసే ఉడకేసినాం, రంగు పోయింది" అన్నాడు. ఎంతవరకు చూసినావన్నా అని అడిగితే, సగం దాకా అన్నాడు. ఉడికిందో లేదో ఎట్లా కనుక్కోవాలో నేను చెప్పింది 20వ నిమిషంలో. ఆయనకు కావాల్సింది అదొక్కటే. అది వీడియోలో ఉందని నా టైటిలూ చెప్పలేదు, నా ఫొటో కూడా చెప్పలేదు.

ఆయన ఫోన్ పెట్టేసినాక నాకొకటి అర్థమైంది. టైటిల్, థంబ్‌నెయిల్ రెండూ కలిసి చూసేవాళ్లకు మనమిచ్చే ఒక మాట. స్క్రిప్టు ఆ మాట నిలబెట్టుకునే పని. మాట ఇవ్వకముందే పని మొదలుపెడితే, ఏది ముందు చెప్పాలో మనకే తెలియదు.

పేపర్ మీద మూడు లైన్లు

తర్వాతి ఏడాది స్క్రిప్టు రాయకముందే పేపర్ మీద మూడు లైన్లు రాసుకున్నా. ఒకటి, చూసేవాళ్ల ప్రశ్న: పసుపు సరిగ్గా ఉడికిందని ఎట్లా తెలుస్తుంది? రెండు, ఆ ప్రశ్నను చూపించే ఒకే ఒక్క ఫొటో: ఎండిన మూడు కొమ్ములు విరిచి పక్కపక్కన పెట్టాలి. ఒకటి తక్కువ ఉడికింది, ఒకటి సరిగ్గా ఉడికింది, ఇంకోటి ఎక్కువ ఉడికింది. మూడు, జవాబు వీడియోలో ఎక్కడ వస్తుంది.

రెండో లైన్ రాసినాకే అసలు సంగతి బయటపడింది. ఆ ఫొటో కావాలంటే ఉడకేసే రోజే మూడు రకాలు విడివిడిగా తీయాలి. కొన్ని కొమ్ములు ముందే బయటికి తీయాలి, కొన్ని ఎక్కువసేపు వదిలేయాలి. ఉడికిన పసుపు ఎండేదానికి పది పదిహేను రోజులు పడుతుంది. అన్ని రోజులూ ఆ మూడింటినీ కళ్లంలో వేరే వేరే గుడ్డల మీద, గుర్తు పెట్టి ఎండబెట్టాలి. కలిసిపోతే ఫొటో లేదు. ఏడాదికి ఒక్క పంట కదా, ఈసారి మిస్సయితే మళ్లీ వచ్చే ఏడాదే. ఎడిటింగ్ రోజున గుర్తొస్తే ఏం చేయగలం చెప్పండి?

అందుకే థంబ్‌నెయిల్ ఫొటోను షూటింగ్ లిస్టులో మొదటి ఐటెంగా రాయండి. వీడియోలోంచి స్క్రీన్‌షాట్ తీసుకుందాంలే అనుకోవద్దు. కదిలే ఫ్రేములో అంచులు మసకగా వస్తాయి. ఫొటో విడిగా తీయాలి.

స్క్రిప్టు ఎట్లా మారింది

పాత స్క్రిప్టు పొలంలో మొదలై మార్కెట్‌లో ముగిసింది. కొత్తది ఆ మూడు కొమ్ములతో మొదలైంది. మొదటి 30 సెకన్లలోనే కెమెరా ముందు మూడూ విరిచి చూపించినా. థంబ్‌నెయిల్‌లో చూసిందే కళ్ల ముందు కనిపిస్తే, సరైన వీడియోకే వచ్చినామని జనం కూర్చుంటారు.

తర్వాత తయారీ. తవ్విన రెండు మూడు రోజుల్లోనే ఉడకేయాలి. కొమ్ములు, దుంపలు వేరు చేయాలి, ఎందుకంటే లావు దుంపకు ఎక్కువ టైం పడుతుంది. అది నాలుగు నిమిషాల్లో ముగించి నేరుగా పరీక్షకు పోయినా. నురుగు, తెల్లటి ఆవిరి, పసుపు వాసన వస్తాయి. అప్పుడు కొమ్మును వేలితో నొక్కితే మెత్తగా ఉండాలి, మొద్దు పుల్లతో గుచ్చితే సులభంగా దిగాలి. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువైతే ఎండినాక పెళుసవుతుంది. ఎండబెట్టడం, పాలిష్ పట్టడం అన్నీ దాని తర్వాతే. డిస్క్రిప్షన్‌లో టైమ్‌స్టాంపులు కూడా ఇచ్చినా. చాప్టర్లు రావాలంటే మొదటిది 00:00 ఉండాలి, కనీసం మూడుండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు.

ఫోన్‌లో ఎట్లా కనిపిస్తుంది

థంబ్‌నెయిల్ మనం పెద్ద సైజులోనే తయారు చేస్తాం. కానీ చూసేవాళ్ల ఫోన్‌లో సెర్చ్ చేసినప్పుడు అది చిన్నగానే కనిపిస్తుంది. తయారు చేసినాక గ్యాలరీలో బొటనవేలంత చేసి చూడండి. తెలుగులో ఒత్తులున్న మాటలు ఆ సైజులో కలిసిపోతాయి. నేను మొదట "తప్పు ఎక్కడ" అని పెడితే ఒత్తులు కనపడలేదు. "ఏది సరి?" అని మార్చినా, ఒత్తే లేదు. కుడివైపు కింది మూలలో వీడియో టైం వస్తుంది. అక్కడ అక్షరం గానీ కొమ్ము గానీ పెట్టొద్దు.

టైటిల్‌కు లిమిట్ 100 క్యారెక్టర్లు. తెలుగులో గుణింతం గుర్తులు కూడా లెక్కకొస్తాయి. "పసుపు" మనకు మూడక్షరాలు, అక్కడ ఐదు. ఎక్కువ రాస్తే ఫోన్‌లో చివర కట్ అవుతుంది. అందుకే అసలు మాట ముందుండాలి: "పసుపు సరిగ్గా ఉడికిందా? విరిచి చూస్తే తెలుస్తుంది". ఫొటోలో ఉన్న మాటనే టైటిల్‌లో మళ్లీ రాయొద్దు. ఫొటో అడగాలి, టైటిల్ ఏ విషయమో చెప్పాలి.

ఒక జాగ్రత్త. మూడు కొమ్ములూ ఒకే వెలుతురులో, ఒకే ఫొటోలో తీయండి. ఫిల్టర్ వేసి పసుపు రంగు పెంచితే మీరు నేర్పే తేడానే అబద్ధమైపోతుంది. ఫిల్టర్ లేకుండా ఫొటోలో తేడా కనపడలేదా? అప్పుడు మార్చాల్సింది మాట. పుల్ల గుచ్చే ఫొటో తీసి, టైటిల్‌ను దానికి తగ్గట్టు రాయండి. ఆ ఫొటో కూడా ఉడకేసే రోజే తీసి పెట్టుకోండి.

పెట్టినాక ఏం చూడాలి

స్టూడియో యాప్‌లో రెండు చూడండి. క్లిక్ త్రూ రేటు, అంటే థంబ్‌నెయిల్ కనిపించిన ప్రతి వంద సార్లకు ఎన్నిసార్లు నొక్కినారు అనేది. సగం ఛానెళ్లకు, వీడియోలకు అది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెప్తుంది. రెండోది రిటెన్షన్ గ్రాఫ్. బాగా నొక్కినారు గానీ 30 సెకన్లలోనే గ్రాఫ్ పడిపోయిందంటే, ఇచ్చిన మాట వీడియో మొదట్లో కనపడలేదని అర్థం. ఉన్నవాళ్లు చివరిదాకా చూస్తున్నారు గానీ నొక్కేవాళ్లే తక్కువంటే, స్క్రిప్టు బాగుంది, ఫొటో మార్చాలి. పరీక్ష చూపించిన చోట గ్రాఫ్ పైకి లేచిందంటే జనం వెనక్కి పోయి మళ్లీ చూస్తున్నారని. తర్వాత వీడియో ఫొటోకు ఐడియా అక్కడే దొరుకుతుంది.

ఖాజీపేట ఆయనకు కొత్త వీడియో లింక్ పంపినా. ఈసారి ఆయన మొదట అడిగింది, "ఆ నడిమి కొమ్మే కదా సరైంది?" అని. ఇంకా వీడియో ఓపెన్ చేయలేదంట, ఫొటో చూసే అడిగినాడు. అవునన్నా, ఎందుకో వీడియోలో చూడు అని చెప్పినా.

మీ తర్వాతి ట్యుటోరియల్‌కు ఆ మూడు లైన్లు రాసి కామెంట్‌లో పెట్టండి, చూసి చెప్తా. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.