పాట నెమ్మదిస్తే బిల్లు పెరుగుతుందా?

సూపర్‌మార్కెట్‌లో వినిపించే సన్నని సంగీతం వినోదానికేనని మనం భావిస్తాం. దుకాణపు వెలుతురు, వాసన, రంగులు, ధ్వని కొనుగోలుదారుపై చూపే ప్రభావాన్ని మార్కెటింగ్ శాస్త్రజ్ఞుడు ఫిలిప్ కోట్లర్ 1973లోనే ప్రత్యేక అంశంగా విశ్లేషించారు. వీటిలో సంగీతంపై రొనాల్డ్ మిల్లిమన్ అమెరికాలో జరిపిన పరిశీలన ఆసక్తికరమైనది.

1982లో ప్రచురితమైన ఈ పరిశీలన ఒక సూపర్‌మార్కెట్‌లో తొమ్మిది వారాలు సాగింది. కొన్ని రోజులు నిమిషానికి 72 దెబ్బలకు మించని నెమ్మది వాద్యసంగీతం, మరికొన్ని రోజులు 94కు తగ్గని వేగపు సంగీతం వినిపించారు. దుకాణంలో రెండు స్థానాల మధ్య నడకను గడియారంతో కొలిచారు. వేగపు సంగీతంలో సుమారు 109 సెకన్లు, నెమ్మది సంగీతంలో సుమారు 128 సెకన్లు పట్టింది. రోజువారీ సగటు అమ్మకం 12,112 డాలర్ల నుంచి 16,740 డాలర్లకు, అంటే 38 శాతం అధికమైంది.

కారణం ఊహించదగినదే. కిరాణా కొట్టులో చీటీ ఇస్తే కొట్టువారే సరుకు తూచి ఇస్తారు. బండి తోసుకుంటూ అరల మధ్య నడిచే చోట మాత్రం అడుగు నెమ్మదించినకొద్దీ కంటికి ఆనే వస్తువులు ఎక్కువవుతాయి, చీటీలో లేనివి బండిలో చేరుతాయి. అయితే ఒక మాట గమనించాలి. మిల్లిమన్ కొలిచింది మొత్తం అమ్మకాలను. అప్పటికప్పుడు పుట్టిన కోరికతో కొన్నవెన్నో విడిగా తేల్చలేదు. పైగా అది ఒక్క దుకాణపు లెక్క. రద్దీ వేళ జనం నెమ్మదిగా కదిలితే బిల్లు చెల్లించే చోట వరుస పెరిగి, కొందరు విసిగి వెళ్లిపోవచ్చు కూడా.

ఎంపికపై ప్రభావానికి ఇంకా గట్టి ఆధారం ఇంగ్లండ్‌లో లభించింది. 1997లో వెలువడిన ఆ ప్రయోగంలో ధర, తీపి సరిపోలిన ఫ్రెంచ్, జర్మన్ వైన్లను ఒకే అరలో ఉంచి, సంగీతాన్ని దినం మార్చి దినం మార్చారు. ఫ్రెంచ్ సంగీతం ఉన్నప్పుడు 40 ఫ్రెంచ్, 8 జర్మన్ సీసాలు అమ్ముడుపోయాయి. జర్మన్ సంగీతం ఉన్నప్పుడు ఫ్రెంచ్‌వి 12కు పడిపోగా జర్మన్‌వి 22కు పెరిగాయి. ప్రశ్నలకు బదులిచ్చిన 44 మందిలో ఆరుగురే సంగీత ప్రభావాన్ని అంగీకరించారు. కొనేవారిని అడిగి తెలుసుకోవడం ఎంత నమ్మదగనిదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అమరిక సంగతికొస్తే, బిల్లు కౌంటరు పక్కన చాక్లెట్లు ఉండటం యాదృచ్ఛికం కాదు. వరుసలో నిలబడ్డవారికి, ముఖ్యంగా పిల్లలకు, చూడటానికి మరేమీ ఉండదు. ఇంగ్లండ్ ప్రభుత్వం 2022 అక్టోబరు 1 నుంచి పెద్ద దుకాణాల్లో కొవ్వు, చక్కెర, ఉప్పు అధికంగా ఉన్న నిర్దేశిత తినుబండారాలను ప్రవేశద్వారం, అరల చివర్లు, బిల్లు కౌంటరు వద్ద ఉంచరాదని నిబంధన పెట్టింది. వాటి అమ్మకాన్ని నిషేధించలేదు, చోటును మాత్రమే మార్చింది.

మన ఇంట పరీక్షించడానికి సంగీతజ్ఞానం అవసరం లేదు. చీటీ రాసుకుని వెళ్లి, తిరిగొచ్చాక బిల్లులో చీటీలో లేనివాటికి గీత పెట్టి కూడితే సరి. మరిచిపోయి తర్వాత గుర్తొచ్చిన ఉప్పు ప్యాకెట్టు ఈ లెక్కలోకి రాదు.