ఊళ్లో లేకపోయినా ఇంట్లో ప్రింట్

నాన్న రాజమండ్రిలో, కూతురు పుణెలో. ఉదయం పది గంటలకల్లా ఆయన బ్యాంకులో ఆధార్ కాపీ ఇవ్వాలి. ఇంట్లో వైఫై ఉన్న ఎప్సన్ ప్రింటర్ ఉంది, కానీ ఫైలు కూతురి ఫోన్‌లో ఉంది. ఇలాంటప్పుడు పనికొచ్చేదే ఈమెయిల్ ప్రింట్. ప్రింటర్‌ను ఎప్సన్ కనెక్ట్ సర్వీసులో నమోదు చేస్తే దానికి @print.epsonconnect.com తో ముగిసే మెయిల్ అడ్రస్ వస్తుంది. ఆ అడ్రస్‌కు ఫైలు జతచేసి పంపితే ఇంట్లో కాగితం బయటికొస్తుంది.

మెయిల్ నేరుగా ప్రింటర్‌కు చేరదు. ముందు కంపెనీ సర్వర్‌కు వెళ్లి, అక్కడ ప్రింట్‌కు సిద్ధమవుతుంది. ఇంట్లోని ప్రింటర్ ఆ సర్వర్‌తో తనే సంబంధం పెట్టుకుని పనిని తెచ్చుకుంటుంది. అందుకే రౌటర్‌లో ప్రత్యేకంగా దారులేవీ తెరవక్కర్లేదు. అలాగే కరెంటూ వైఫై రెండూ ఉంటేనే పని జరుగుతుంది. ప్రింటర్ నిద్రలో ఉన్నా పర్వాలేదు గానీ, పూర్తిగా ఆగి ఉంటే కాగితం రాదు. మన ఊళ్లలో ఎక్కువగా పని చెడేది ఇక్కడే. కరెంటు పోయి వస్తే రౌటర్ తనంతట తానే లేస్తుంది, చాలా ప్రింటర్లు లేవవు. ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. రౌటర్ మార్చినా, వైఫై పాస్‌వర్డ్ మార్చినా ప్రింటర్‌కు మళ్లీ చెప్పాల్సిందే.

ఆధార్ ఫైలుతో ఇంకో చిక్కుంది. డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది: పేరులోని మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లిషు పెద్దబడిలో, వెంటనే పుట్టిన సంవత్సరం. ఆ తాళం సర్వర్ తీయలేదు. కాబట్టి కూతురు కంప్యూటర్‌లో క్రోమ్‌లో ఫైలు తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, ప్రింట్‌లో Save as PDF ఎంచుకుని కొత్త కాపీ చేసి దాన్నే పంపాలి. మెయిల్‌లో రాతేమీ పెట్టకుండా, కింద వచ్చే సంతకం కూడా తీసేయడం మేలు. లేదంటే దానికీ ఒక కాగితం ఖర్చు కావచ్చు.

తాళం తీసిన ఆధార్ కంపెనీ సర్వర్ మీదుగా వెళ్తుందన్నది మరవకూడదు. బ్యాంకు ఒప్పుకుంటే నంబరులో చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపడం నయం. పని అయ్యాక పంపిన మెయిల్‌ను చెరిపేయాలి. ఇంకో జాగ్రత్త నా దృష్టిలో తప్పనిసరి: ప్రింటర్ అడ్రస్ తెలిసినవాళ్లు ఎవరైనా మన కాగితం, ఇంకు వాడేయగలరు. ఎప్సన్ కనెక్ట్ ఖాతాలో అనుమతి ఉన్న పంపేవాళ్ల జాబితా ఉంటుంది. అందులో ఇంటివాళ్ల మెయిళ్లే ఉంచాలి.

ఒకప్పుడు గూగుల్ క్లౌడ్ ప్రింట్ రకరకాల కంపెనీల ప్రింటర్లకు ఒకే దారిగా ఉండేది. 2020 డిసెంబర్ 31తో అది ఆగిపోయింది. ఇంటి ప్రింటర్‌కు ఇప్పుడు ప్రధానంగా దాని కంపెనీ సర్వీసే దిక్కు. అందుకే ప్రయాణానికి ముందురోజే, ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద ఒక పేజీ పంపి చూడాలి. ఇంటి వైఫై మీద ప్రింట్ వచ్చినంత మాత్రాన బయటినుంచి కూడా వస్తుందని నమ్మలేం.