‘మరియు’ లేకుండా వాక్యం నడవదా?

— తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

మా ఇంట్లో ఎవరూ “నేను మరియు నాన్న చేనికి వెళ్తున్నాము” అనరు. “నేనూ నాన్నా చేనికెళ్తున్నాం” అంటారు. అదే మనిషి చేతికి కాగితం, కలం ఇచ్చి చూడండి. ఎక్కణ్ణుంచి వస్తుందో గాని, రెండు మాటల మధ్య ‘మరియు’ వచ్చి కూర్చుంటుంది.

ఈ మాట మనది కాదని అనటం లేదు. భాగవతంలో ఒక పద్యానికీ తరువాతి పద్యానికీ నడుమ ‘మఱియు’ అని కనబడుతుంది. అక్కడ దాని పని ‘ఇంకా వినండి’ అని కథను ముందుకు సాగించటం. ఇవాళ మనం దానికి అప్పగించిన పని వేరు. ఇంగ్లీషువాడి ‘అండ్’ ఉన్న ప్రతిచోటా దీన్ని నిలబెడుతున్నాం. ఇంగ్లీషులో చదివి తెలుగులో రాసే మన సైన్సు విద్యార్థులకు ఈ అలవాటు మరీ ఎక్కువ.

వినటానికి బాగుండదన్నది చిన్న సంగతి. అర్థమే తారుమారవుతుంది. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడి, కలెక్టరు కార్యాలయం మన నరసరావుపేటకు వచ్చింది గదా! అక్కడికి సాగర్ కాలువ కింద రైతు ఒకరు అర్జీ పెట్టుకున్నారనుకుందాం. ఇది నేను కల్పించిన మాదిరి:

“నేను మరియు నా తమ్ముడు రెండెకరాలు కౌలుకు తీసుకున్నాము మరియు మేము దానిలో మిరప మరియు పత్తి వేశాము. నా తమ్ముడు లస్కరును కలిశాడు మరియు అతను చేనికి వచ్చాడు మరియు అతను తూము మూసి ఉండటం చూశాడు.”

మూసిన తూమును చూసింది ఎవరు? తమ్ముడా, కాలువ మీద నీళ్లు చూసే లస్కరా? లస్కరే చూసి ఉంటే సంగతి శాఖవారికి తెలిసినట్టే. తమ్ముడు చూస్తే అది మన మాట మాత్రమే. అర్జీకి ప్రాణమంతా అక్కడే ఉంది. అయిదు ‘మరియు’లూ రెండు ‘అతను’లూ పెట్టినా ఆ ఒక్క సంగతీ తేలలేదు.

ఇప్పుడు తిరిగి రాద్దాం. పేర్లు రెండున్నచోట చివరి అచ్చును దీర్ఘం చేస్తే చాలు: నేనూ తమ్ముడూ, మిరపా పత్తీ. పనులు చేసేవాడు ఒక్కడే అయితే ముందు పనిని ‘తీసుకొని’, ‘వచ్చి’ అని ముగించకుండా వదలాలి. దీన్నే వ్యాకరణంలో క్త్వార్థకం అంటారు. పని చేసే మనిషి మారితే ‘చెప్పగా’ అన్నట్టు ‘గా’ చేర్చాలి.

“నేనూ నా తమ్ముడూ రెండెకరాలు కౌలుకు తీసుకొని మిరపా పత్తీ వేశాము. తమ్ముడు వెళ్లి చెప్పగా లస్కరు చేనికి వచ్చి, తూము మూసి ఉండటం చూశాడు.”

చూసింది లస్కరు. ఇక సందేహం లేదు. చూసింది తమ్ముడైతే “తమ్ముడు లస్కరును కలిసి, చేనికి వచ్చి, తూము మూసి ఉండటం చూశాడు” అంటాం. ‘కలిసి’, ‘చెప్పగా’ అన్న తేడాతోనే మనిషి తేలిపోయాడు. “పిడుగు పడి గొడ్డు చచ్చింది” వంటి చోట్ల కర్త మారినా ‘పడి’ చెల్లుతుంది. అక్కడ మొదటిది రెండోదానికి కారణం. మామూలు పనుల వరసలో మాత్రం ఆ స్వేచ్ఛ తీసుకోకూడదు.

‘మేము’ ఎందుకు పోయిందంటారా? ‘వేశాము’లోని ‘ము’ ఆ సంగతి చెబుతూనే ఉంది. నేను, మేము, నువ్వు అన్నవాటిని ఇలా ధైర్యంగా వదిలేయవచ్చు. ‘వచ్చాడు’ దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. అది మగవాడని చెబుతుంది గాని, ఇద్దరిలో ఎవరో చెప్పదు. ‘వచ్చింది’ అయితే ఆడమనిషికీ ఆవుకూ వానకూ ఒకటే. అలాంటిచోట ‘అతను’, ‘అది’ అని మళ్లీ మళ్లీ రాసి లాభం లేదు. పేరే మరోసారి చెప్పాలి.

ప్రయోగశాల రికార్డులోనూ ఇదే తంతు. “ద్రావణాన్ని వేడిచేశాము మరియు కలిపాము” అంటే ఏది ముందో, రెండూ ఒకేసారో తెలియదు. ‘వేడిచేసి కలిపాము’ అంటే ముందు వేడి, తరువాత కలపటం. ‘వేడిచేస్తూ కలిపాము’ అంటే రెండూ ఒకేసారి. ‘వేడిచేయకుండా కలిపాము’ అంటే మరో ప్రయోగమే!

అయితే ఈ ‘చేసి, తీసి, పోసి’లను గొలుసుకట్టుగా పేర్చుకుంటూ పోతే చదివేవాడికి ఆయాసం వస్తుంది. మూడు దాటితే వాక్యం ముగించి కొత్తది మొదలుపెట్టటం మేలు. ‘సోడియం, పొటాషియం’ వంటి పేర్లకు దీర్ఘం ఇబ్బందిగా తోస్తే “సోడియం, పొటాషియం రెండూ” అనవచ్చు. ఒక శాఖ పేరులోనే ‘మరియు’ ఉంటే దాన్ని అలాగే ఉంచాలి. పేరు దిద్దటం మన పని కాదు.

రాసిన కాగితాన్ని ఇంట్లో ఎవరికైనా గట్టిగా చదివి వినిపించండి. ‘మరియు’ దగ్గర మీ గొంతే తడబడుతుంది. ‘అతను’ దగ్గర వాళ్లే “ఎవరు?” అని అడుగుతారు. దిద్దవలసిన చోటు అదే.