సిగ్నల్ ఫుల్.. వీడియో మాత్రం నిల్! భద్రాచలం అడవి అంచున యాంటెన్నా వంపుతో తేడా ఎంత?

ఫోన్‌లో నాలుగు గీతలూ కనిపిస్తాయి. వీడియో నొక్కితే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇంకాస్త లోపలి గూడేనికి వెళ్తే ఆ గీతలు కూడా ఉండవు. 108కి కాల్ చేయాలన్నా మిట్ట ఎక్కాల్సిందే. గోదావరికి ఒక పక్క, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవికి మరో పక్క ఉండే దుమ్ముగూడెం, చర్ల లాంటి మండలాల్లో ఈ రెండు సమస్యలూ పక్కపక్కనే ఉండొచ్చు. చాలామంది అడిగేది కొత్త టవర్. కానీ కొన్ని చోట్ల ఉన్న టవర్ మీది యాంటెన్నాను కొన్ని డిగ్రీలు వంచినా, పక్కకు తిప్పినా పరిస్థితి మారుతుంది. అదెలాగో చూద్దాం.

ఒక టవర్.. మూడు ముఖాలు

సాధారణంగా ఒక టవర్‌కు మూడు వైపులా యాంటెన్నాలు ఉంటాయి. ఒక్కో వైపును సెక్టార్ అంటారు. యాంటెన్నా ఏ దిక్కుకు చూస్తోందో చెప్పే కోణం అజిమత్. ఉత్తరం 0 డిగ్రీలు, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. యాంటెన్నా ముఖాన్ని నేల వైపు ఎంత వంచారో చెప్పేది డౌన్‌టిల్ట్.

యాంటెన్నా వెలుగు బల్బులా అన్ని వైపులా పడదు, టార్చిలైట్‌లా పడుతుంది. ఎక్కువగా వాడే యాంటెన్నాల్లో ఈ వెలుగు అడ్డంగా సుమారు 65 డిగ్రీలు, నిలువుగా సుమారు 7 డిగ్రీలు ఉంటుంది. నిలువులో ఇంత సన్నగా ఉండటం వల్లే ఒకటి రెండు డిగ్రీల వంపు కూడా పెద్ద తేడా తెస్తుంది. 40 మీటర్ల ఎత్తులోని యాంటెన్నాను 6 డిగ్రీలు వంచితే వెలుగు మధ్యభాగం 380 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. 2 డిగ్రీలే వంచితే ఆ దూరం దాదాపు 1,150 మీటర్లు.

నది వైపు సెక్టార్: ఎక్కువ దూరం వెళ్లడమే సమస్య

ఒక ఉదాహరణ తీసుకుందాం. దుమ్ముగూడెం వైపు గోదావరి ఒడ్డున 40 మీటర్ల టవర్ ఉందనుకోండి. మూడు సెక్టార్లు 0, 120, 240 డిగ్రీలకు చూస్తున్నాయి. 240 డిగ్రీల సెక్టార్ ముందు నది ఉంటుంది. దాని టిల్ట్ 2 డిగ్రీలే ఉంటే వెలుగు పైఅంచు నేల మీద పడదు, ఆకాశం వైపు ఉంటుంది. నీటి మీద చెట్టూ లేదు, గుట్టా లేదు. దాంతో సిగ్నల్ నది దాటి అశ్వాపురం, మణుగూరు వైపు ఒడ్డుకు చేరిపోతుంది.

అవతల ఒడ్డున వేరే టవర్లు ఉంటాయి. 4జీలో ఒకే కంపెనీ టవర్లు చాలావరకు ఒకే ఫ్రీక్వెన్సీ వాడతాయి. కాబట్టి అటు చేరిన సిగ్నల్ అక్కడి ఫోన్లకు సాయం కాదు, రొద. సంతలో ఇద్దరు ఒకేసారి అరిస్తే ఇద్దరి మాటా వినపడనట్టే. ఫోన్ గీతలు ప్రధానంగా సిగ్నల్ బలాన్నే చూపిస్తాయి, ఈ రొద ఎంత ఉందో అంతగా చెప్పవు. గీతలు నిండుగా ఉన్నా వీడియో ఆగిపోవడానికి ఇదొక కారణం. పైగా అవతలి ఫోన్ ఈ దూరపు టవర్‌నే పట్టుకుంటే, పక్క టవర్ల జాబితాలో అక్కడి టవర్ లేక కాల్ మధ్యలో తెగిపోవచ్చు.

ఇప్పుడు టిల్ట్‌ను 6 డిగ్రీలకు పెంచితే? అవతలి ఒడ్డుకు వెళ్లే శక్తి దాదాపు ఆరో వంతుకు పడిపోతుంది. ఇటు ఒడ్డున 800 మీటర్లలోపు ఉన్న ఇళ్లకు తగ్గేది కొద్దిగానే.

అడవి వైపు సెక్టార్: ఇక్కడ లెక్క తిరగబడుతుంది

అదే టవర్‌కు 60 డిగ్రీల దిక్కులో, 3 కిలోమీటర్ల దూరంలో ఒక గూడెం ఉందనుకుందాం. అంటే 0, 120 డిగ్రీల సెక్టార్లకు సరిగ్గా నడుమ. రెండిటి వెలుగూ అంచులోనే అందుతుంది. నడిమధ్యన దక్కే శక్తిలో అక్కడ దక్కేది సుమారు పదో వంతే.

0 డిగ్రీల సెక్టార్‌ను గూడెం వైపు తిప్పేస్తే సరిపోతుందా? అలా చేస్తే వాయవ్యంగా వెళ్లే చర్ల రోడ్డు చీకట్లో పడుతుంది. అందుకే 120 డిగ్రీల సెక్టార్‌ను 90కి తిప్పడం మేలు. గూడేనికి శక్తి సుమారు ఆరు రెట్లు పెరుగుతుంది. భద్రాచలం రోడ్డు వైపు కొంత తగ్గినా, అటువైపు వేరే టవర్లు ఉంటే అవి ఆదుకుంటాయి. లేకపోతే ఈ మార్పు కూడా చేయకూడదు.

ఇక టిల్ట్. 3 కిలోమీటర్ల దూరంలోని ఇల్లు ఈ యాంటెన్నాకు ఒక డిగ్రీ కూడా కిందికి ఉండదు. ఆ సెక్టార్‌కు 6 డిగ్రీల వంపు ఉంటే దాన్ని 2కి తగ్గించాలి. దాంతో గూడేనికి శక్తి మరో నాలుగు రెట్లు పెరుగుతుంది. దాని వెనక ఇబ్బంది పడే టవర్లు లేవు కాబట్టి రొద భయం తక్కువ. గూడెం గుట్ట మీద, యాంటెన్నా కంటే ఎత్తులో ఉంటే వంపే అక్కర్లేదు. అంటే ఒకే టవర్ మీద నది వైపు వంపు పెంచాలి, అడవి వైపు తగ్గించాలి. మూడు సెక్టార్లకూ ఒకే అంకె పెట్టేస్తే సమస్య అక్కడే మొదలవుతుంది.

వంచడంలోనూ రెండు పద్ధతులు

బ్రాకెట్ బోల్టులు వదులు చేసి యాంటెన్నాను ముందుకు వంచడం మెకానికల్ టిల్ట్. ఇందులో ముందు భాగం దిగితే వెనక భాగం పైకి లేస్తుంది, పక్కలకు వెళ్లే సిగ్నల్ పెద్దగా తగ్గదు. ఎక్కువ వంచితే రొద పక్క సెక్టార్ల వైపు మిగిలిపోతుంది. యాంటెన్నాను కదల్చకుండా లోపలే వెలుగును దించేది ఎలక్ట్రికల్ టిల్ట్. ఇది ముందూ పక్కలా ఒకేలా దిగుతుంది. రిమోట్ మోటార్ ఉంటే ఆఫీసు నుంచే మార్చొచ్చు. రెండూ ఉన్నప్పుడు కూడాలి. 2 డిగ్రీలు మెకానికల్, 4 డిగ్రీలు ఎలక్ట్రికల్ అయితే మొత్తం 6. ఒకటే చూసి రెండోది మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. అజిమత్ చూసేటప్పుడు దిక్సూచిని టవర్‌కు ఆనించి పట్టుకున్నా తప్పే. ఇనుము ముల్లును లాగేస్తుంది.

సరైందో కాదో ఎలా తెలుస్తుంది?

ఇంజినీర్లు రెండు అంకెలు చూస్తారు. మొదటిది సిగ్నల్ బలం. 4జీలో మైనస్ 85 డీబీఎం మంచిది, మైనస్ 115 దగ్గర బాగా బలహీనం. రెండోది సిగ్నల్‌కు, రొదకు మధ్య తేడా. అది 20 డీబీ ఉంటే వీడియో హాయిగా నడుస్తుంది, సున్నా దగ్గరైతే నత్తనడకే. బలం బాగుండి రెండోది పడిపోతే రొద అని అర్థం. రెండూ బాగున్నా వీడియో ఆగితే తప్పు యాంటెన్నాది కాదు. ఆ టవర్ మీద జనం ఎక్కువై ఉండొచ్చు, లేదా టవర్‌కు వచ్చే లింకు సన్నగా ఉండొచ్చు.

ఫోన్ ఎంత దూరపు టవర్‌ను పట్టుకుందో కూడా తెలుస్తుంది. 4జీలో టైమింగ్ అడ్వాన్స్ అనే అంకెలో ఒక్కో మెట్టు సుమారు 78 మీటర్లు. నది వైపు సెక్టార్‌లో చాలా ఫోన్లు 60 మెట్లు చూపిస్తే అవి 4.7 కిలోమీటర్ల అవతల ఉన్నట్టే. వంపు పెంచాక ఆ అంకె తగ్గాలి.

పరీక్ష ఎప్పుడు చేశారన్నదీ ముఖ్యమే. ఇక్కడి టేకు చెట్లు ఎండాకాలానికి ఆకు రాలుస్తాయి. ఏప్రిల్‌లో బాగున్న గూడెం సిగ్నల్, ఆగస్టులో తడిసిన ఆకుల గుబురులో నీరసించొచ్చు. అందుకే వానాకాలంలో కూడా ఒకసారి చూడాలి.

వంపుతో కానిది

టిల్ట్, అజిమత్ కొత్త శక్తిని పుట్టించవు. ఉన్న దాన్ని అవసరమైన వైపు పంచుతాయి, అంతే. మధ్యలో గుట్ట అడ్డుంటే కొత్త టవరే దిక్కు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చేందుకు కేంద్ర కేబినెట్ 2022 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. 4జీకి మారిన టవర్‌కు కూడా కోణాలు కొత్తగా చూసుకోవాల్సిందే.

ఫిర్యాదు చేసేవాళ్లు 'సిగ్నల్ లేదు' అని ఊరుకోకుండా ఊరు, సమయం, గీతలు ఉన్నాయా లేదా, కాల్ ఎక్కడ తెగిందో చెప్పాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని సిమ్ స్టేటస్‌లో డీబీఎం అంకె కనిపిస్తుంది, అదీ చెప్పొచ్చు. గీతలుండీ వీడియో ఆగడం ఒక జబ్బు, గీతలే లేకపోవడం ఇంకో జబ్బు. ఒకదానికి యాంటెన్నా దించాలి, రెండోదానికి ఎత్తాలి.