ఆఖరి హండిలో ఎంత మిగిలింది?

ఆదివారం రాత్రి పదకొండున్నర. షట్టరు సగం దించేశారు. గల్లాపెట్టె దగ్గర వారం అమ్మకం తేలింది: జీఎస్టీ పోను 4 లక్షలు. అరవై కుర్చీల బిర్యానీ హోటలుకు అది మంచి వారమే. అయినా బిల్లులు కట్టి, జీతాలకు పక్కన పెట్టేసరికి యజమాని చేతిలో పెద్దగా ఏమీ మిగల్లేదు. ఇలాంటి హోటలు ఒకటి ఊహించుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే. లెక్క నడిచే తీరు మాత్రం విజయవాడలోనైనా వరంగల్లోనైనా ఇంతే.

వారంలో కొన్న సరుకు 1,72,000 రూపాయలది. కొన్నదంతా వండెయ్యలేదు కదా. సోమవారం పొద్దున స్టోరులో 60,000 రూపాయల సరుకు ఉంది. ఆదివారం రాత్రి బస్తాలు, డబ్బాలు, ఫ్రీజరు అన్నీ లెక్కపెడితే 72,000 తేలింది. మొదట ఉన్నదానికి కొన్నది కలిపి, చివర మిగిలింది తీసేస్తే వాడింది 1,60,000. నాలుగు లక్షల అమ్మకంలో ఇది 40 శాతం. దీన్నే ఫుడ్ కాస్ట్ శాతం అంటారు. ఇక్కడ చాలామంది ఒక చోట పొరబడతారు. 5 శాతం జీఎస్టీ వసూలు చేసే మామూలు హోటలుకు సరుకు మీద కట్టిన పన్ను తిరిగి రాదు. అందుకని అమ్మకంలోంచి పన్ను తీసేయాలి, కొనుగోలును పన్నుతో కలిపే రాయాలి. రెండు వైపులా పన్ను తీసేస్తే శాతం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

40 ఎక్కువా, తక్కువా? పక్క హోటలును అడిగి లాభం లేదు, వాళ్ల మెనూ వేరు, ధరలు వేరు. పోల్చుకోవాల్సింది మన వంట లెక్కతోనే. ప్లేటు బిర్యానీకి ఎంత చికెన్, ఎంత బియ్యం, ఎంత నూనె అని మాస్టరుతో కూర్చుని తూచి రాసుకున్న కాగితం ఉంటుంది. ప్రతి వంటకానికీ ఆ ఖర్చును అమ్మిన ప్లేట్లతో గుణించి కూడితే ఈ వారం 1,32,000 కావాలి. అంటే 33 శాతం. మిగతా 28,000 ఎటు పోయినట్టు?

అన్ని సరుకుల వెంటా ఒకేసారి పడితే ఏదీ దొరకదు. ఖర్చులో పెద్ద వాటా ఉన్న చికెన్ దగ్గర మొదలుపెట్టాలి. వారంలో 1,100 ప్లేట్ల బిర్యానీ పోయింది, ప్లేటుకు పచ్చి చికెన్ 250 గ్రాములు. వేపుళ్లు, చికెన్ 65 కలిపి 400 ప్లేట్లు, ఒక్కోదానికి 200 గ్రాములు. మొత్తం 355 కిలోలు కావాలి. స్టాకు పుస్తకం ప్రకారం వాడింది 405. కిలో 240 చొప్పున ఆ 50 కిలోలకే 12,000 రూపాయలు.

అంత తేడా కనబడగానే యజమానులకు ముందు దొంగతనమే గుర్తొస్తుంది. నా ఉద్దేశంలో దాన్ని ఆఖరున అనుమానించాలి. పొద్దున సరుకు దిగే చోట నిలబడితే మొదటి సంగతి కనిపిస్తుంది. చికెన్ కవర్లతో, నీళ్లతో సహా కాటా ఎక్కుతోంది. నీళ్లు వార్చి మళ్లీ తూస్తే రోజుకు కిలోన్నర తరుగు. వారానికి పది కిలోలు. స్టాఫ్ భోజనంలో రెండు రోజులు చికెన్ కూర వండారు, తొమ్మిది కిలోలు, అది ఎక్కడా రాయలేదు. వాళ్లు తినడం తప్పు కాదు, రాయకపోవడమే తప్పు. ముక్కలు పెద్దవిగా కొట్టడం, తెలిసినవాళ్లు వస్తే ఇంకో ముక్క వేయడం కలిపి ఇంకో పది. మిగిలిన 21 కిలోలు రాత్రి హండి అడుగున దొరికాయి.

ఏడు రాత్రులూ బిర్యానీ మిగిలింది, సగటున పన్నెండు ప్లేట్లు. అంటే వారానికి 84. అన్నం, ఉల్లిపాయ, నూనె, మసాలా అన్నీ కలిపి ప్లేటుకు 95 రూపాయలు పడుతుంది కాబట్టి పారబోసింది దాదాపు 8,000. (దాన్ని మర్నాటి హండిలో కలిపేసేవాళ్లున్నారు. బయట ఉండిపోయిన అన్నంలో పుట్టే విషం మళ్లీ వేడిచేసినా పోదు.)

అయితే మిగులు సున్నా కావాలని మాస్టరు మీద విరుచుకుపడటం కూడా నష్టమే. ఒక ప్లేటు మిగిలితే పోయేది 95. బిర్యానీ అయిపోయి ఒక మనిషి వెనక్కి వెళ్తే, ప్లేటు 250కి అమ్ముతున్నాం కాబట్టి పోయేది 155. ఈ రెంటినీ తూచి చూస్తే పది రాత్రుల్లో ఆరు రాత్రులు కాస్త మిగిలి, నాలుగు రాత్రులు అయిపోవడం సరైన పద్ధతి. వెనక్కి వెళ్లాల్సినవాళ్లు కూర్చుని నూడుల్సో రోటీయో తింటే ఆ 155 తగ్గుతుంది, అప్పుడు ఇంకాస్త తక్కువ వండినా పర్వాలేదు. ఏడుకు ఏడు రాత్రులూ మిగులుతోందంటే మాత్రం ఆఖరి హండి పెద్దదని అర్థం. రాత్రి ఎనిమిదిన్నరకు పది కిలోల బియ్యం హండి ఎక్కించే బదులు నాలుగు కిలోలది ఎక్కించి, ఎన్నింటికి అయిపోయింది, ఎంతమంది అడిగి వెళ్లారు అని గోడ మీద రాస్తే రెండు వారాల్లో సరైన కొలత దొరుకుతుంది. మిగిలింది అదే రాత్రి, బాగున్నప్పుడే, స్టాఫ్ భోజనానికి పెడితే విడిగా వండే ఆ తొమ్మిది కిలోలూ మిగులుతాయి.

వండటానికి ముందు స్టోరులో ఎంత ఉంచాలన్నది పార్ లెవెల్ చెబుతుంది. సరుకు దిగిన వెంటనే స్టోరులో ఉండాల్సిన మట్టం అది. ఉల్లిపాయలు రోజుకు 40 కిలోలు పడతాయనుకుందాం. వ్యాపారి సోమవారం, గురువారం తెస్తాడు. గురువారం తెచ్చింది నాలుగు రోజులు రావాలి, అంటే 160. బండి ఆలస్యమైనా, పెళ్లివారి ఆర్డరు తగిలినా ఉండేందుకు ఇంకో రోజుది కలిపితే పార్ 200. బండి వచ్చేసరికి 55 ఉంటే 145 దింపించుకోవాలి, అంతే. బస్తా చవగ్గా వస్తోందని 300 దింపితే ముసురు రోజుల్లో అడుగు బస్తాలు మొలకెత్తుతాయి, కుళ్లుతాయి. ధరలో మిగిలింది చెత్తబుట్టలో పోతుంది.

ఒకసారి రాసిన పార్ ఏడాదంతా పనికిరాదు. చికెన్‌కు శనివారం ఒక అంకె, ఆదివారం ఒక అంకె ఉండాలి, ఎందుకంటే శనివారం మాంసం ముట్టని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. కార్తీకమాసం వస్తే చికెన్ పార్ దించి, పన్నీరు, పుట్టగొడుగుల పార్ పెంచాలి. పోలి పాడ్యమి దాటిన మొదటి ఆదివారానికి పాత అంకెకు తేవాలి. క్యాలెండరు చూడకుండా నిరుటి నెల సగటు పట్టుకున్న స్టోర్‌కీపరు కార్తీకం మొదటి వారంలోనే దొరికిపోతాడు.

ఇంత చేసినా ఆదివారం రాత్రి లెక్కింపు తప్పితే శాతం అబద్ధం చెబుతుంది. నిద్రమత్తులో 8,000 రూపాయల బియ్యం బస్తాలు రెండుసార్లు రాశారనుకోండి. మిగిలింది 80,000గా కనిపిస్తుంది, శాతం 38కి దిగుతుంది, యజమాని సంతోషిస్తాడు. మర్నాడు ఆ తప్పు అంకే కొత్త వారానికి మొదటి స్టాకు అవుతుంది కాబట్టి, అమ్మకం అంతే ఉంటే, వచ్చే ఆదివారం శాతం 42కి ఎగబాకుతుంది. వంటింట్లో ఏమీ మారలేదు. శాతం ఒక వారం దిగి మరుసటి వారం అంతే ఎగిరితే మాస్టరును పిలవక్కర్లేదు. ఇద్దరు మనుషుల్ని స్టోరులోకి పంపి, ఒకరు లెక్కపెడుతుంటే ఇంకొకరు రాసేలా చూస్తే చాలు.