ఒక్క క్రెడిట్ ల్యాబు, నాలుగు క్రెడిట్ల గణితం

ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్‌లో నాలుగు సబ్జెక్టులున్నాయనుకుందాం. గణితానికి 4 క్రెడిట్లు, ఫిజిక్స్‌కు 3, ఇంగ్లిష్‌కు 2, ల్యాబుకు 1. ఒక అమ్మాయికి అదే వరుసలో 6, 7, 9, 10 గ్రేడ్ పాయింట్లు వచ్చాయి. ఒక అబ్బాయికి 9, 8, 6, 7. మామూలుగా కూడి నాలుగుతో భాగిస్తే అమ్మాయికి 8, అబ్బాయికి 7.5 వస్తాయి. అమ్మాయే ముందుంది.

కానీ యూజీసీ చెప్పిన పద్ధతిలో ఎస్‌జీపీఏ లెక్క అలా ఉండదు. ప్రతి గ్రేడ్ పాయింటునూ ఆ సబ్జెక్టు క్రెడిట్లతో హెచ్చించి, వచ్చినవన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించాలి. అమ్మాయికి 24, 21, 18, 10 కలిపితే 73. పది క్రెడిట్లతో భాగిస్తే 7.30. అబ్బాయికి 79, అంటే 7.90. ర్యాంకు తారుమారైంది. అమ్మాయికి పది వచ్చిన ల్యాబుకు ఉన్నది ఒక్క క్రెడిటే మరి!

ఎక్సెల్‌లో రెండో వరుసలో క్రెడిట్లు, మూడో వరుస నుంచి విద్యార్థుల పాయింట్లు ఉంటే, మొదటి విద్యార్థికి ఈ ఫార్ములా చాలు:

```
=SUMPRODUCT($B$2:$E$2,B3:E3)/SUM($B$2:$E$2)
```

ఇందులో డాలర్ గుర్తులే ప్రాణం. అవి లేకుండా ఫార్ములాను కిందికి లాగితే క్రెడిట్ల వరుస కూడా ఒక మెట్టు దిగిపోతుంది. అప్పుడు అబ్బాయి పాయింట్లను అమ్మాయి పాయింట్లతో హెచ్చించి, అమ్మాయి పాయింట్ల మొత్తంతో భాగిస్తుంది. 234ను 32తో భాగిస్తే 7.31. ఎర్రర్ ఏమీ రాదు, అంకె కూడా నమ్మేలాగే ఉంటుంది. అందుకే ఇది ప్రమాదకరమైన తప్పు. పట్టుకోవాలంటే చివరి విద్యార్థి గడిలో F2 నొక్కి చూడండి. రంగు గీతల్లో ఒకటి పైనున్న క్రెడిట్ల వరుసను చుట్టి ఉండాలి.

ఇంకో తప్పు వేరేచోటి నుంచి అంకెలు కాపీ చేసినప్పుడు వస్తుంది. కంటికి 7లాగే కనిపించే అంకె గడిలో టెక్స్ట్‌గా కూర్చుంటుంది. పై ఫార్ములా దాన్ని సున్నాగా తీసుకుంటుంది, ఆ సబ్జెక్టు క్రెడిట్లు మాత్రం కింద భాజకంలో ఉండిపోతాయి. అమ్మాయి ఫిజిక్స్ పాయింటు అలా పడితే 7.30 కాస్తా 5.20 అవుతుంది. పక్క గడిలో `=COUNT(B3:E3)` వేస్తే నాలుగు రావాలి. మూడు వచ్చిందంటే ఏదో ఒక గడిలో అంకె లేనట్టే.

సెమిస్టర్లను కలిపేటప్పుడూ ఇదే సూత్రం. ఆ అమ్మాయికి తర్వాతి సెమిస్టర్‌లో 20 క్రెడిట్లకు 8.20 వస్తే, సీజీపీఏ రెండింటి సగటైన 7.75 కాదు. 73కు 164 కలిపి 30తో భాగించాలి. వచ్చేది 7.90.